వానాకాలపు పంచదార, వేసవి తేనె

సూరె నహ్ల్ పాఠం చెప్పే ప్రతి సంవత్సరమూ విద్యార్థులలో ఎవరో ఒకరు తేనెటీగల విషయం అడుగుతారు. దివ్యగ్రంథం ఆ జీవికి మూడు నివాసాలను పేర్కొన్నది: కొండలు, చెట్లు, మనుషులు నిర్మించినవి. మొదటి రెండింటినీ మదనపల్లె చుట్టుపక్కల గుట్టల్లో చిన్ననాటి నుంచీ చూస్తున్నాను. మూడవదాన్ని మా పెద్దబావగారి మామిడితోటలో నేనే పెట్టి చూడాలనిపించింది. ఆరేళ్ల క్రితం నవంబరులో నాలుగు తేనెపెట్టెలతో మొదలుపెట్టాను. బోధకుడి జీతానికి కొంత తోడు దొరుకుతుందన్న ఆశ కూడా ఉన్నదని దాచడమెందుకు?

తేనెటీగలన్నీ పెట్టెలో ఇమడవు. గుట్టల మీద పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగ పెంపకానికి లొంగదు. పొదల్లో చిన్న పట్టు పెట్టే జుంటి ఈగ కూడా అంతే. మిగిలినవి రెండు. ఒకటి ఇటలీ జాతి. పెట్టెకు పాతిక ముప్పై కిలోల తేనె ఇవ్వగలదు గానీ, పువ్వులున్న చోటికల్లా పెట్టెలను లారీలో ఎక్కించి తిప్పేవారికే అది గిట్టుబాటు. రెండవది చెట్టు తొర్రల్లో, పుట్టల్లో ఉండే మన దేశవాళీ ఈగ. ఏడాదికి ఐదు నుంచి పది కిలోలు ఇస్తే గొప్ప. కానీ ఒకే చోట స్థిరంగా ఉంటుంది, కొబ్బరి, వేప, కానుగ, చింత పూలతోనే బతుకుతుంది. ఉదయం ఫజ్ర్ తరువాత ఒక గంట, సెలవు రోజున మరో గంట మాత్రమే ఇవ్వగలిగిన నాబోటి వాడికి ఇదే తగినది.

నాకైన ఖర్చు చెబుతాను. ఈగలతో సహా ఒక్కొక్క పెట్టె రూ.4,500 చొప్పున నాలుగింటికి రూ.18,000 అయింది. ఇనుప స్టాండ్లకు రూ.1,600, తేనె తీసే చేతి యంత్రానికి రూ.4,200, ముసుగు, చేతి తొడుగులు, పొగడబ్బా, కత్తి కలిపి రూ.1,400, వడగుడ్డ, సీసాలకు రూ.800. మొత్తం రూ.26,000. యంత్రాన్ని నలుగురు కలిసి కొనుక్కుంటే సరిపోతుంది; ఏడాదిలో అది పనిచేసేది మూడు నాలుగు రోజులే. కొనే ముందు కృషి విజ్ఞాన కేంద్రంలోనో, ఖాదీ కమిషన్ వారి శిబిరంలోనో శిక్షణ తీసుకొని, బతికి ఉన్న పట్టును స్వయంగా చేతితో పట్టుకొని చూడాలి. ఈగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడని స్వభావం ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈ పని తలపెట్టకూడదు.

పెట్టెలో రెండు అంతస్తులు ఉంటాయి. కింది అరలో రాణి గుడ్లు పెడుతుంది. పిల్లలు, వాటి ఆహారం అక్కడే. దాని పైన పెట్టే తక్కువ ఎత్తు అరలో ఈగలు తమ అవసరానికి మించిన తేనెను దాస్తాయి. మనం తీసుకోవలసినది ఈ పై అర తేనెను మాత్రమే. ఈ ఒక్క నియమం మీదే ఈగల ప్రాణమూ, అమ్మేవాడి నిజాయితీ కూడా ఆధారపడి ఉన్నాయి.

మా ప్రాంతంలో జనవరి నుంచి జూన్ వరకు పూలకు లోటుండదు. జూలై నుంచి సెప్టెంబరు వరకు మాత్రం ఈగలకు కరువు. వానకు బయటికి పోలేవు, పోయినా పువ్వులో ఏమీ దొరకదు. అప్పుడు పంచదార పాకం పెట్టక తప్పదు. పై అరను పూర్తిగా తీసివేసి, పంచదార, నీళ్లు సమానంగా కలిపి, చల్లారాక కొబ్బరి చిప్పలో పోసి, ఈగలు మునగకుండా నాలుగు పుల్లలు వేసి, పొద్దుగూకిన తరువాత పెట్టె లోపలే పెట్టాలి. పగటిపూట పెట్టినా, బయట ఒక్క చుక్క ఒలికినా, వాసన పట్టి పక్క పెట్టెల ఈగలు దోపిడికి దిగుతాయి. బలహీనమైన పట్టు ఒక్క పూటలో నాశనమవుతుంది. పెట్టెకు వారానికి పావుకిలో పంచదార చాలు.

మరి పంచదార తిన్న ఈగల తేనె స్వచ్ఛమైనదేనా? ఇది నన్ను అందరూ అడిగే ప్రశ్న. జవాబు పై అరలో ఉంది. పూలు మొదలయ్యే ముందే పాకం ఆపాలి. కింది అరలో మిగిలిన నిల్వను ఈగలు తమ పిల్లలకు వాడుకోనివ్వాలి. కొత్త తేనె గదుల అంచులు తెల్లని మైనంతో మెరవడం చూసిన తరువాతనే పై అరను తిరిగి పెట్టాలి. అలా చేస్తే సీసాలోకి వచ్చేది పువ్వు తేనే. పై అర ఉండగా పాకం పోస్తే, ఈగలు దాన్నే అక్కడ దాస్తాయి. రంగు, చిక్కదనం చూసి ఎవరూ పోల్చలేరు. పైకి పొడిగా ఉన్న ధాన్యపు రాశిలోకి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చేయి పోనిచ్చి లోపలి తడిని పట్టుకున్న సంఘటన మనకందరికీ తెలుసు. తేనె సీసాలోకి అలా చేయి పోనిచ్చి చూసేవారు ఉండరు. అందుకే పాకం ఏ తేదీన ఆపానో, పై అర ఏ తేదీన పెట్టానో ఒక పుస్తకంలో రాసి, అడిగినవారికి చూపుతున్నాను.

ఇక నష్టాలు. మామిడి పూత సమయంలో తేనెమంచు పురుగుకు మందు కొడతారు. మొదటి ఫిబ్రవరిలో పక్క తోటలో ఉదయం పది గంటలకు మందు కొట్టారు. అసర్ వేళకు ఒక పెట్టె ముందు గుప్పెళ్లకొద్దీ ఈగలు నాలుకలు బయటపెట్టి పడి ఉన్నాయి. వ్యాధితో చనిపోతే అలా ఒకేసారి, ఇంటి వాకిట్లో, నాలుకలు చాచి పడవు. అది మందు పనే. వారం తిరిగేసరికి ఆ పట్టు పోయింది. తోట యజమాని మంచివాడు. “సాయబుగారూ, మీ ఈగలు ఇక్కడిదాకా వస్తాయని నాకేం తెలుసు?” అన్నాడు. ఇప్పుడు ముందురోజే కబురు చేసి, ఈగలు గూటికి చేరాక సాయంత్రం కొడుతున్నాడు. ఆ రాత్రి మేము గాలి ఆడేలా వాకిలికి జాలీ బిగించి, మరునాడు మధ్యాహ్నం దాకా పెట్టె మీద తడి గోనెసంచి కప్పుతాము.

రెండవ నష్టం పట్టు ఎగిరిపోవడం. దేశవాళీ ఈగ స్వభావమే అంత. ఆకలి, చీమలు, మైనపు పురుగు బాధ పెరిగితే ఇల్లు విడిచి మొత్తంగా వలసపోతుంది. పుప్పొడి మూటలతో వచ్చే ఈగలు తగ్గడం, గదుల్లో కొత్త గుడ్లు కనిపించకపోవడం దీనికి ముందు గుర్తులు. ఈగలు కప్పని ఖాళీ పట్టులో సాలెగూడు లాంటి దారాలు కనబడితే మైనపు పురుగు చేరినట్టే. ఆ పట్టును తీసి కరిగించాలి. స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో నిలిపితే చీమలు ఎక్కవు. వీటన్నింటి కన్నా భయంకరమైనది థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు. 1990ల ఆరంభంలో దక్షిణాదిలో దేశవాళీ ఈగల పెంపకాన్ని ఇది దాదాపు తుడిచిపెట్టింది. దీని బారిన పడిన పిల్లపురుగు గదిలో తల పైకెత్తి, నీటితిత్తిలా ఉబ్బి చనిపోతుంది. మందు లేదు. ఆ పట్టులను తీసివేయడం, తట్టుకొని నిలిచిన పట్ల నుంచే కొత్త పట్లను పెంచడం, అంతే.

మొదటి ఏడాది మూడు పెట్టెల నుంచి పదిహేను కిలోలు వచ్చింది. కిలో రూ.600 చొప్పున రూ.9,000. పంచదారకు, సీసాలకు రూ.1,100 పోగా రూ.7,900 మిగిలింది. ఆ వానాకాలంలోనే మరో పట్టు ఎగిరిపోయింది. మిగిలిన రెండింటిని నవంబరులో విభజించి నాలుగు చేశాను. రెండవ ఏడాది ఖర్చులు పోగా రూ.14,000. అంటే రెండేళ్లు తిరిగినా పెట్టుబడిలో రూ.4,100 ఇంకా రావలసే ఉంది. లాభం మూడవ ఏట కళ్లజూశాను. అప్పు తెచ్చి, అందునా వడ్డీకి తెచ్చి, మొదలుపెట్టవలసిన పని ఇది కాదని చెప్పడానికే ఈ లెక్క.

అమ్మకం సంగతికి వస్తే, టోకు వ్యాపారి ఇచ్చే ధరకు దేశవాళీ తేనె గిట్టదు. జుమా తరువాత తెలిసినవారికి, రమజాన్ ముందు ఇళ్లకు, ఊళ్లోని ఇద్దరు యునానీ హకీములకు, నా తేనె మొత్తం ఇలాగే చెల్లిపోతున్నది. సీసా మీద పేరు, తీసిన నెల, పూల పేర్లు ఉండాలి. ఆహార భద్రతా సంస్థ దగ్గర చిన్న ఉత్పత్తిదారుగా నమోదు కావాలి. చలికాలంలో గడ్డకడితే కొన్నవారు పంచదార అనుకుంటారు. చేయి పెట్టగలిగే వేడినీళ్లలో సీసా ఉంచితే కరుగుతుంది. అగ్గిపుల్ల, నీటి చుక్క పరీక్షలు తేనె స్వచ్ఛతను తేల్చలేవు.

దేశవాళీ తేనెలో తేమ ఎక్కువ. గదులలో మూడొంతులకు ఈగలు మైనపు మూత వేయకముందే తీస్తే, నెలలోనే నురగ కట్టి పుల్లని వాసన వస్తుంది. పూర్వం యమన్‌లో తేనెను పులియబెట్టి ‘బిత్అ’ అనే పానీయం చేసేవారు. దాని గురించి అడిగినప్పుడు, మత్తు కలిగించే ప్రతి పానీయమూ నిషిద్ధమని దైవప్రవక్త తెలిపారు. పులుస్తున్న సీసాను వెనక్కి తీసుకొని సొమ్ము ఇచ్చేస్తాను.

ఒక మిత్రుడు మార్చిలోనే రూ.5,000 ఇచ్చి, “మీ ఈ రెండు పెట్టెల తేనె మొత్తం నాది” అన్నాడు. తీసుకోలేదు. ముందు సొమ్ము తీసుకొనే సలమ్ ఒప్పందంలో సరుకు తూకం, నాణ్యత, ఇచ్చే తేదీ నిర్ణయం కావాలి. అది ఫలానా పెట్టెకో చెట్టుకో ముడిపడి ఉండకూడదు. పూత రాలిపోతే ఆ పెట్టెలో ఏముంటుంది?

మా ఇళ్లలో మరొకటి చెప్పవలసి వస్తున్నది. ఖర్జూరం అందుబాటులో లేదని నవజాత శిశువుకు తేనెతో తహ్‌నీక్ చేస్తుంటారు. ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టరాదని వైద్యులు గట్టిగా చెబుతారు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మక్రిమి బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి, కండరాలను చచ్చుబరచగలవు. వేడిచేసినా ఆ బీజాలు చావవు. పెద్దల కడుపులో వాటి ఆట సాగదు. నా సీసాలన్నిటి మీద ఈ మాట అచ్చువేయించాను. ప్రసవం జరిగిన ఇంటి నుంచి ఎవరైనా తేనెకు వస్తే, ముందుగా బిడ్డ వయసు అడిగి, మెత్తని ఖర్జూరాలు నాలుగు చేతిలో పెట్టి పంపుతున్నాను.