పొద్దుటి నడక

సికింద్రాబాద్‌లో పిల్లల డాక్టరుగా ఉన్నవాడికి రాత్రి పదిన్నర దాటాక మోగే ఫోన్లలో జ్వరాలూ వాంతులూ పోగా మిగిలేవి ఎక్కువగా కాళ్ళ నొప్పులే. వారాసిగూడ నుంచయితే "కాళ్ళు గుంజుతున్నయని ఒకటే ఏడుపు సార్" అంటారు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో కాపురముంటున్న గుంటూరు వాళ్ళయితే "పిక్కలు లాగేస్తున్నాయంటోందండీ" అంటారు. ఫోను వెనకాల పిల్ల ఏడుపు, దాని వెనకాల నాయనమ్మ ఎవరినో నూనె వెచ్చబెట్టమనడం వినబడుతూంటాయి. తెల్లారి ఏడున్నరకి అదే పిల్ల బ్యాగు ఊపుకుంటూ, మెట్లు రెండేసి చొప్పున దూకుతూ స్కూల్ ఆటో దగ్గరికి పరిగెడుతుంది. రాత్రంతా నిద్ర లేని తల్లికి ఒళ్ళు మండుతుంది. హోంవర్కు ఎగ్గొట్టడానికి ఆడిన నాటకమేమోనన్న అనుమానం కూడా వస్తుంది.

నాటకం కాదు. మూడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లల్లో చాలామందికి ఈ నొప్పి వస్తూ పోతూ ఉంటుంది. సాయంత్రం పూటో, నిద్ర పట్టిన గంటా రెండు గంటలకో మొదలవుతుంది. పిక్కల్లో, తొడల ముందు భాగంలో, మోకాలి వెనక గుంటలో వస్తుంది. రెండు కాళ్ళలోనూ ఉంటుంది, లేదా నిన్న ఒకటి ఇవాళ ఒకటి అన్నట్టు మారుతుంది. కొన్ని నిమిషాల నుంచి గంట రెండు గంటల దాకా ఏడిపించి, వచ్చినట్టే పోతుంది. వారంలో రెండు రాత్రులు వచ్చి, ఆ తర్వాత నెల రోజులు జాడ లేకపోవచ్చు. కీలు వాయదు, ఎర్రబడదు, వేడెక్కదు. అన్నిటికన్నా ముఖ్యమైంది: పొద్దున్న లేచేసరికి దాని ఆనవాలు ఉండదు.

ఎముకలు పెరుగుతున్నాయి కాబట్టే నొప్పి అని నాయనమ్మలూ చెబుతారు, నాబోటి డాక్టర్లూ తల ఊపుతాం. 1823లో ఒక ఫ్రెంచి వైద్యుడు పెరుగుదల జబ్బుల గురించి రాసినప్పటి నుంచీ ఈ మాట నడుస్తోంది. లెక్క వేస్తే మాత్రం కుదరదు. మనిషి అన్నిటికన్నా వేగంగా పెరిగేది పుట్టిన మొదటి ఏడాది, ఆ తర్వాత ఈడొచ్చే వయసులో. నొప్పులు వచ్చేదేమో ఆ రెంటికీ మధ్య, ఏడాదికి ఆరు సెంటీమీటర్లు ఎదిగే కాలంలో. అంటే రోజుకి మిల్లీమీటరులో ఆరో వంతు కూడా కాదు. పైగా ఎముక పెరిగే చోటు దాని కొసల్లో, కీళ్ళ దగ్గర. నొప్పి చెప్పేది కండలో. అసలు కారణం ఇదీ అని ఎవరూ తేల్చలేదు. బాగా గంతులేసిన రోజు రాత్రి ఎక్కువగా వస్తాయని తల్లులు చెబుతారు. ఇలాంటి పిల్లలు నొప్పికి కాస్త తొందరగా స్పందిస్తారని కొన్ని పరిశోధనలు చూపించాయి. తల్లికో తండ్రికో చిన్నప్పుడు ఇవే నొప్పులు ఉండి ఉండడం కూడా మామూలే.

మందు సంగతికొస్తే, నాయనమ్మ నూనె మంచి మందే. గోరువెచ్చగా ఉంటే చాలు, నువ్వులదైనా కొబ్బరిదైనా తేడా లేదు. పని చేసేది చెయ్యి. పడుకోబోయే ముందు కండలు సాగదీస్తే ఇంకా మేలు. పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా పట్టుకుని పాదాన్ని ముంగాలి వైపు మెల్లగా నొక్కి ఇరవై లెక్కపెట్టేదాకా ఉంచితే పిక్క సాగుతుంది. బోర్లా తిప్పి మడమని పిర్రకి ఆనిస్తే తొడ ముందు కండ సాగుతుంది. 1988లో అచ్చయిన ఒక చిన్న పరిశోధనలో, తల్లిదండ్రులు ఇలా చేయించిన పిల్లలకి మిగతావాళ్ళకన్నా త్వరగా తగ్గింది. మరీ ఏడిస్తే పారాసెటమాల్ ఇవ్వొచ్చు, బరువుకి కిలోకి 15 మిల్లీగ్రాములు. ఇరవై కిలోల పిల్లకి 300 మిల్లీగ్రాములన్నమాట. సీసా మీద 5 మిల్లీలీటర్లకి 250 అని ఉంటే 6 మిల్లీలీటర్లు సరిపోతుంది. 120, 125 రాసి ఉన్న సీసాలూ ఉంటాయి కాబట్టి చదివి పోయండి. క్యాల్షియం సిరప్‌లు ఈ నొప్పికి చేసేదేమీ లేదని నా అభిప్రాయం. విటమిన్ డి తక్కువుందని తేలితే దానికి వైద్యం చేయాల్సిందే, అది వేరే సంగతి.

నూనె రాసేటప్పుడే ఒకటి గమనించాలి. మామూలు నొప్పయితే పిల్ల కాలు చాపి ఒళ్ళో పెడుతుంది, ఇంకా గట్టిగా పిసకమంటుంది, చెయ్యి తీస్తే ఏడుస్తుంది. లోపల జబ్బు ఉన్న కాలు అలా కాదు. ముట్టుకోబోతేనే ముడుచుకుంటుంది, చెయ్యి నెట్టేస్తుంది. ఒక్క కాల్లోనే, ఒకటే చోట వేలు పెట్టి చూపిస్తూంటే ఆ నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు.

అయినా రాత్రి ఏడుపు ఒక్కదాన్నీ పట్టుకుని జబ్బు తేల్చలేం. తుంటి కీలుకి క్షయ పట్టిన పిల్లలు కూడా రాత్రిళ్ళే కెవ్వుమంటారు. పగలంతా చుట్టూ ఉన్న కండరాలు కీలుని కదలకుండా బిగబట్టి కాపలా కాస్తాయి, నిద్రలో ఆ పట్టు సడలుతుంది, దెబ్బతిన్న కీలు కదిలి పిల్లవాడు అరుస్తూ లేస్తాడు. కీళ్ళవాతం పిల్లల్లో వచ్చినప్పుడు కథ తిరగబడుతుంది: పొద్దున్న మంచం దిగేటప్పుడు కాలు బిగుసుకుపోయి కుంటుతారు, పది గంటలయ్యేసరికి వదులవుతుంది. సాయంత్రం క్లినిక్కి తెస్తే డాక్టరుకి అంతా బాగానే కనిపిస్తుంది. అందుకే నేను తల్లులకి చెప్పేది, రాత్రి ఏడుపు వీడియో కాదు, పొద్దున్న నిద్ర లేచిన వెంటనే నడిచే పది అడుగులు ఫోన్లో తీయమని. ఉత్త కాళ్ళతో, నిక్కరుతో, వెనక నుంచి తీయాలి.

సీతాఫల్‌మండి నుంచి ఒక ఏడేళ్ళ పిల్లవాడు వచ్చాడు. కుడి మోకాలు నొప్పంటూ నెల రోజులుగా చెబుతున్నాడు. ఆడుకున్న రోజు సాయంత్రం ఎక్కువ, అందుకని ఇంట్లోవాళ్ళు ఎదిగే పిల్లల నొప్పే అనుకున్నారు. ఎక్కడో మోకాలికి ఎక్స్‌రే తీయించారు, అంతా బాగుందన్నారు. ఎక్స్‌రే అబద్ధం కాదు, మోకాలు నిజంగానే బాగుంది. "కొంచెం కుంటుతున్నడు సార్, అలవాటైంది" అంది నాయనమ్మ, మాటల మధ్యలో.

డాక్టరు ముందు పిల్లలు బుద్ధిగా నడుస్తారు. వాణ్ణి వరండా చివర నీళ్ళ డ్రమ్ము దాకా పంపించి, తిరిగి రమ్మన్నాను. వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళాడు. వచ్చేటప్పుడు తమ్ముడు పిలిస్తే పరిగెత్తబోయి, కుడికాలు మోపిన ప్రతిసారీ ఒళ్ళంతా అటు వంచాడు. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, తుంటి దగ్గరా మోకాలి దగ్గరా కాలు లంబంగా మడిచి, పాదాన్ని పట్టుకుని బయటి వైపు తిప్పాను. పాదం బయటికి వెళితే తొడ ఎముక లోపలికి తిరుగుతుంది. ఎడమ కాలు హాయిగా తిరిగింది. కుడి కాలు కొంచెం వెళ్ళి ఆగిపోయింది, వాడి ముఖం ముడుచుకుంది. టేపు పెడితే కుడి తొడ ఎడమదానికన్నా సన్నగా ఉంది. తుంటికీ మోకాలికీ కబురు మోసే నరం ఒకటే కాబట్టి, జబ్బు తుంటిలో ఉంటే పిల్లవాడు మోకాలు చూపిస్తాడు.

రెండు తుంటి కీళ్ళూ ఒకే ఫిల్ములో పడేలా ఎక్స్‌రే తీయించాం: ఒకటి తిన్నగా, ఒకటి మోకాళ్ళు కప్పలా విప్పి. కుడి తొడ ఎముక తల ఎడమదానికన్నా పొట్టిగా, తెల్లగా కనబడింది. పెర్తెస్ జబ్బు. ఎముక తలకి రక్తం అందక అది మెత్తబడి, నలిగి, మళ్ళీ కొత్తగా కట్టుకుంటుంది. ఇదంతా పూర్తవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. 1910లో ముగ్గురు వైద్యులు మూడు వేర్వేరు దేశాల్లో దీన్ని వర్ణించారు, వాళ్ళలో జర్మనీ ఆయన పేరు నిలిచింది. మగపిల్లల్లో నాలుగైదు రెట్లు ఎక్కువ. పాశ్చాత్య దేశాలకన్నా మన దగ్గర కాస్త పెద్ద వయసులో మొదలవుతుందని మణిపాల్ డాక్టర్లు గమనించారు. వయసు తెలియడం ఎందుకంటే, ఆరేళ్ళ లోపు మొదలైతే తల గుండ్రంగా తిరిగి కట్టుకునే అవకాశం ఎక్కువ, ఎనిమిది దాటితే తక్కువ. అప్పుడు తల గిన్నెలోంచి జారకుండా ఆపరేషన్ కావాల్సి రావచ్చు. మొదటి వారాల్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు, కాబట్టి కుంటు తగ్గకపోతే మళ్ళీ తీయాలి, లేదా ఎమ్మారై చేయాలి. ఈ పిల్లవాడికి గంతులు మాన్పించి, తుంటి బిగుసుకోకుండా వ్యాయామాలు చెప్పి, ఎముకల డాక్టరు చేతికి అప్పగించాం.

కుంటే ప్రతి పిల్లవాడికీ ఇదే అని భయపడక్కర్లేదు. ముందు బూటు విప్పి చూడండి. జూన్లో కొన్న కొత్త బూట్లు కరిచినా, అరికాల్లో ముల్లు గుచ్చుకున్నా కుంటుతారు. జలుబు తగ్గిన వారానికి తుంటిలో నీరు చేరి కుంటడమూ ఉంది, విశ్రాంతి ఇస్తే అది వారం రెండు వారాల్లో దానంతటదే పోతుంది. కానీ అది అదేనని ఇంట్లో తేల్చుకోకూడదు. దెబ్బ తగలకుండా మొదలైన కుంటు రెండు మూడు రోజులు దాటితే చూపించాలి. పాలిపోవడం, కారణం లేని కమిలిన మచ్చలు, తగ్గని జ్వరం, బరువు తగ్గడం నొప్పికి తోడైతే అదే వారంలో రక్తపరీక్ష చేయించాలి. రక్త క్యాన్సర్ కొన్నిసార్లు ముందు కాళ్ళ నొప్పిగానే బయటపడుతుంది. పది దాటిన లావుపాటి పిల్లల్లో పాదం బయటికి తిరిగి కుంటు వస్తే తొడ ఎముక తల జారిందేమో చూడాలి, ఆ ఎక్స్‌రే అయ్యేదాకా నడిపించకూడదు.

ఒక్కదానికి మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. జ్వరం ఉండి, కాలు కింద మోపనంటే, డైపరు మార్చబోతేనే కేకలు పెడితే, కీలులో చీము చేరి ఉండొచ్చు. చీము మృదులాస్థిని రోజుల్లో తినేస్తుంది. అది అర్ధరాత్రైనా, ఆదివారమైనా, ముషీరాబాద్ గాంధీ ఆస్పత్రిలాగా రాత్రింబవళ్ళు అత్యవసర విభాగం నడిచే చోటికి తీసుకెళ్ళండి. మిగతా ఏ కుంటుకైనా పగలు వెళ్ళినప్పుడు, పిల్లవాడు మోకాలు చూపించినా సరే, తుంటి కూడా తిప్పి చూడమని డాక్టర్ని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.