బరువెత్తితే ముందు ఎవరు లేస్తారు?

గ్యాస్ బండ ఎత్తడం మీకు అలవాటే అయితే ఇది ఎప్పుడో ఒకప్పుడు జరిగే ఉంటుంది. బండ నిండుగా ఉందనుకుని కాళ్లు కుదురుగా పెట్టి, గట్టిగా పట్టి లేపుతారు. తీరా చూస్తే అది ఖాళీ బండ. చెయ్యి ఒక్కసారిగా పైకి ఎగిరిపోతుంది, మీరు వెనక్కి తూలతారు. నిండు బండ దాదాపు 30 కిలోలు, ఖాళీది అందులో సగం. అంత తేడా ఉన్న రెండు బరువుల్నీ అవే చేతులు, అవే కండరాలు ఎత్తుతాయి. మరి ఎంత బలం పెట్టాలో కండకి ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు? ఈ పూట ఆ కబురే చెప్పుకుందాం.

మోచెయ్యి మడిస్తే ఉబికే దండ కండరం ఉంది కదా, బైసెప్స్ అంటాం. పైకి అది ఒకే ముద్దలా కనిపిస్తుంది గానీ, లోపల లక్షల కొద్దీ సన్నని పోగులు ఉంటాయి. ఆ పోగులు ఎవరికి వారు పనిచెయ్యవు. వెన్నుపాములో మోటార్ న్యూరాన్లనే నరకణాలు ఉంటాయి. ఒక్కొక్క న్యూరాన్ నుంచి ఒక తీగ బయల్దేరి కండలోకి వచ్చి, చీలికలై, కొన్ని పోగులకు అంటుకుంటుంది. ఆ న్యూరానూ దాని కింద ఉన్న పోగులూ కలిపి ఒక మోటార్ యూనిట్. న్యూరాన్ ఒక్కసారి సంకేతం పంపిందంటే దాని పోగులన్నీ ఒకేసారి బిగుస్తాయి. సగం పోగులు బిగిసి సగం ఊరుకోవడమనేది ఆరోగ్యంగా ఉన్న యూనిట్‌లో ఉండదు.

యూనిట్లన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. కొన్నింటి కింద పోగులు తక్కువ, కొన్నింటి కింద వెయ్యి దాటతాయి. ఒకే కండలో అతి చిన్న యూనిట్ కన్నా అతి పెద్ద యూనిట్ ఇచ్చే బలం వంద రెట్ల దాకా ఉండొచ్చు. చిన్న యూనిట్ల పోగులు నెమ్మదిగా బిగుస్తాయి, ఆక్సిజన్‌ని చక్కగా వాడుకుంటాయి, గంటల తరబడి పనిచేసినా అలసిపోవు. పెద్ద యూనిట్ల పోగులు చటుక్కున బిగుస్తాయి, చాలా బలం ఇస్తాయి, కానీ త్వరగా నీరసించిపోతాయి. ఈ రెంటికీ మధ్య రకాలూ ఉన్నాయి.

ఇప్పుడు మీరు టీ గ్లాసు ఎత్తుతున్నారనుకోండి. శరీరం ఏ యూనిట్లని లేపుతుంది? చేతికి అందినవాటినా? కాదు. దానికో వరస ఉంది. ఆ వరసని కనిపెట్టి చూపించినవాడు హార్వర్డ్‌లో పనిచేసిన ఎల్వుడ్ హెన్నెమన్. ఆయన పిల్లుల పిక్క కండరాన్ని మెల్లగా సాగదీస్తూ, వెన్నుపాము నుంచి కండకు వచ్చే నరాల్లో నడిచే సంకేతాలను రికార్డు చేశాడు. సన్నని నరతీగ సంకేతం తెర మీద పొట్టిగా కనిపిస్తుంది, లావు తీగది పొడుగ్గా కనిపిస్తుంది. కండ మీద లాగుడు పెరుగుతున్న కొద్దీ ముందు పొట్టి సంకేతాలు వచ్చాయి, తర్వాత మధ్యవి, చివరికి పొడుగువి. లాగుడు తగ్గిస్తే చివర లేచిన పొడుగువే ముందు ఆగిపోయాయి. 1957లో ఆయన ఈ సంగతి ‘సైన్స్’ పత్రికలో ప్రకటించాడు. 1965లో తన సహచరులతో కలిసి మరింత వివరంగా రాశాడు. న్యూరాన్ పరిమాణమే వరసని నిర్ణయిస్తుందన్న ఈ సూత్రాన్నే సైజ్ ప్రిన్సిపుల్ అంటారు. తర్వాత 1973లో మనుషుల చూపుడువేలు పక్కనున్న చిన్న కండరంలో సన్నని ఎలక్ట్రోడ్లు పెట్టి చూసినప్పుడూ అదే వరస కనిపించింది.

మరి చిన్నవే ఎందుకు ముందు లేస్తాయి? ఒకే సెగ మీద గ్లాసెడు నీళ్లూ గంగాళం నీళ్లూ పెట్టండి. గ్లాసెడు నీళ్లు ముందు మరుగుతాయి. మెదడు నుంచి వచ్చే ప్రేరణ న్యూరాన్లన్నిటికీ ఇంచుమించు ఒకేలా అందుతుంది. చిన్న న్యూరాన్‌కి పైపొర తక్కువ, కరెంటు బయటికి జారిపోయే దారులూ తక్కువే. అందుకని కొద్దిపాటి కరెంటుకే దాని వోల్టేజి పెరిగి సంకేతం పంపే గీత దాటుతుంది. పెద్ద న్యూరాన్‌కి అదే కరెంటు చాలదు. ఎవరు ముందో ఎవరు తర్వాతో మెదడు కూర్చుని ఎంచనక్కర్లేదు. అది ప్రేరణని పెంచుతూ పోతే చాలు, వరస దానంతటదే నడుస్తుంది.

దీనివల్ల పెద్ద లాభమే ఉంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు బలం చిటికెడు చిటికెడుగా పెరగాలి. అప్పుడు లేచేవి చిన్న యూనిట్లు కాబట్టి ఒకటి అదనంగా చేరినా చెయ్యి కదలదు. నిండు బిందె ఎత్తేటప్పుడు పెద్ద యూనిట్ ఒకటి చేరినా, అప్పటికే ఉన్న బలం ముందు అది చిన్న మెట్టే.

మా అక్క కొడుకు ఈమధ్యే జిమ్‌లో చేరాడు. వాడు వచ్చి, “మావయ్యా, తేలిక బరువులు ఎత్తితే నెమ్మది పోగులకి పని, పెద్ద బరువులు ఎత్తితే వేగం పోగులకి పని అంటున్నారు, నిజమేనా?” అని అడిగాడు.

“సగమే నిజంరా,” అన్నాను. “పెద్ద బరువు ఎత్తినప్పుడు నెమ్మది పోగులకి సెలవు ఇవ్వరు. అవి ముందే లేచి ఉంటాయి, వాటి మీద వేగం పోగులు వచ్చి చేరతాయి. బరువు చెప్పేది ఎవరు రావాలో కాదు, వరస ఎక్కడిదాకా వెళ్లాలో.”

వాడి డంబెల్‌తోనే లెక్క వేసి చూద్దాం. ఒక చేత్తో 15 కిలోలు ఒక్కసారి మాత్రమే మడిచి ఎత్తగలడనుకోండి, అదే వాడి గరిష్ఠం. 3 కిలోల డంబెల్ అంటే అందులో 20 శాతం. తాపీగా ఎత్తితే వరస మొదట్లోని చిన్న యూనిట్లు లేచి, సెకనుకు పది సార్లో కాస్త ఎక్కువో సంకేతం పంపుకుంటూ పని ముగిస్తాయి. పెద్దవాటికి ఆ సంగతే తెలియదు. వాడు పది సార్లు ఎత్తి డంబెల్ కింద పెట్టేస్తే, పెద్ద యూనిట్లు ఆ రోజు పని చేసినట్టే కాదు.

12 కిలోలు తీసుకుంటే 80 శాతం. ఇక్కడ మొదటిసారి ఎత్తడానికే దాదాపు వరసంతా లేవాలి. బైసెప్స్‌లో కొత్త యూనిట్లు చేరడం గరిష్ఠ బలంలో 80, 85 శాతం దాకా సాగుతూనే ఉంటుంది. ఆ పైన బలం కావాలంటే ఒకటే దారి, లేచినవే ఇంకా వేగంగా సంకేతాలు పంపాలి. చేతివేళ్ల చిన్న కండరాల్లో అయితే సగం బలానికే దాదాపు అన్ని యూనిట్లూ లేచిపోతాయి, మిగతాదంతా వేగం పెంచడమే. అందుకే ఈ లెక్క అన్ని కండరాలకీ ఒకటే అనుకోకూడదు.

ఇప్పుడు వాడు 3 కిలోలనే ఆపకుండా ఎత్తుతూ పోయాడనుకోండి. ముప్పై దాటేసరికి చెయ్యి మండుతుంది, యాభై దగ్గర కదలిక నెమ్మదిస్తుంది, డంబెల్ వణుకుతుంది. ముందు లేచిన యూనిట్లలో కొన్ని అలసిపోయి తక్కువ బలం ఇస్తున్నాయి. బరువు మారలేదు కాబట్టి మెదడు ప్రేరణ పెంచక తప్పదు. ప్రేరణ పెరిగితే వరసలో తర్వాతివి లేస్తాయి. తేలిక బరువే అయినా ఇక ఎత్తలేనంటూ ఆగేదాకా చేస్తే పెద్ద యూనిట్లకీ పిలుపు అందుతుందన్నమాట. గరిష్ఠంలో 30 శాతం బరువుతో అలా ఆగేదాకా చేసినవాళ్లకీ, 80 శాతంతో చేసినవాళ్లకీ కండ పెరుగుదల దాదాపు సమానంగానే వచ్చిందని పరిశోధనల్లో తేలింది. అయితే ఒక్కసారికి ఎత్తగలిగే బరువు మాత్రం పెద్ద బరువులతో చేసినవాళ్లకే ఎక్కువ పెరుగుతుంది. చర్మం మీద ఎలక్ట్రోడ్లు అంటించి కొలిచినా, తేలిక బరువు చివరి ఎత్తులో వచ్చే విద్యుత్ చురుకు పెద్ద బరువుకి వచ్చినంత ఉండదు.

ఎవరి కండలో ఎక్కడిదాకా పిలుపు వెళ్లిందో మిషన్లు లేకుండా ఎలా తెలుస్తుంది? వేగం చూడండి. మీరు మొదటిసారంత గట్టిగానే ప్రయత్నిస్తున్నా, చెయ్యి మీ ప్రమేయం లేకుండా నెమ్మదిస్తే వరస చివరికి చేరుతున్నట్టు. మంట ఒక్కటే గుర్తు కాదు. కదలిక ఇంకా మొదటి వేగంతోనే సాగుతూ మండుతోందంటే, పని ఇంకా మిగిలి ఉన్నట్టే.

పెద్ద యూనిట్లను లేపడానికి ఇంకో దారీ ఉంది. బరువు మధ్యస్థంగా ఉన్నా చటుక్కున ఎత్తబోతే, ఒక్కొక్క యూనిట్ లేవడానికి కావలసిన బలం బాగా తగ్గిపోతుంది. వరస అదే, కానీ పెద్దవి చాలా ముందే వచ్చేస్తాయి. ఖాళీ బండతో జరిగిందీ ఇలాంటిదే. చెయ్యి వేయకముందే మెదడు 30 కిలోలకు సరిపడా ప్రేరణ సిద్ధం చేసింది. కండ నుంచి “బరువు లేదు” అనే కబురు వెన్నుపాముకి చేరేసరికే యూనిట్లు లేచిపోయాయి.

వరస తప్పే సందర్భం ఒకటుంది. ఫిజియోథెరపీలో చర్మం మీద ప్యాడ్లు అంటించి కరెంటు పెడతారు. ఆ కరెంటు వెన్నుపాములోని న్యూరాన్ దగ్గర మొదలవదు, నేరుగా కండలోని నరతీగల్ని తాకుతుంది. అప్పుడు పరిమాణం బట్టి వరస ఉండదు. ప్యాడ్‌కి దగ్గరగా ఉన్నవి, చిన్నవీ పెద్దవీ కలిసి లేస్తాయి, మళ్లీ మళ్లీ అవే లేస్తాయి. అందుకే అంతే బలానికి, మనం స్వయంగా బిగించినప్పటి కన్నా కండ త్వరగా అలసిపోతుంది.

ఇదంతా ఇంట్లో పెద్దవాళ్లకి ఎక్కడ పనికొస్తుందో చూడండి. అరవై దాటాక మోటార్ న్యూరాన్లు కొన్ని రాలిపోతూ ఉంటాయి, వేగం పోగులు ముందుగా సన్నబడతాయి. తూలినప్పుడు చటుక్కున కాలు వేసి నిలదొక్కుకోవడానికి కావలసినవి అవే. రోజూ పొద్దున్నే నడవడం గుండెకి ఎంతో మంచిది, కానీ చదును నేల మీద తాపీ నడకకి వరసలో ముందున్న యూనిట్లే చాలు. అందుకని నడకతో పాటు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, లేచేటప్పుడు వేగంగా లేచి కూర్చునేటప్పుడు నెమ్మదిగా కూర్చోవడం, లేవడం భారంగా నెమ్మదించేదాకా చేసి ఆపడం వారానికి రెండు మూడు రోజులు పెట్టుకోవాలి. ఊపిరి బిగబట్టకూడదు, పక్కన గోడో బల్లో ఉండాలి, గుండె జబ్బో బీపీనో ఉంటే ముందు డాక్టరుతో మాట్లాడాలి. పది సార్లు సునాయాసంగా లేవడం వచ్చేస్తే అదే లెక్కతో ఆగిపోవద్దు. కుర్చీ ఎత్తు కొంచెం తగ్గించండి, లేకపోతే చేతిలో రెండు కిలోల బియ్యం సంచి పట్టుకోండి.