దాదీ రాసిన ఉత్తరం

మా అమ్మ మొవ్వలో ఉంటుంది. మా అబ్బాయి హైదరాబాదులో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. కాలేజీలో తోటి పిల్లలు పెట్టిన పొట్టి పేరుతోనే పిలిపించుకుంటున్నాడు. ఆ పేరు వింటే వాడు ఎవరో తెలియదు. తెలియకపోవడమే వాడికి హాయిగా ఉందట. అది విని అమ్మ ఉత్తరం రాసింది. మాటలు ఉర్దూ, అక్షరాలు తెలుగు. మా ఇంట్లో ఉత్తరాలన్నీ అలాగే ఉంటాయి. వాడి కోసం నేను తెలుగు చేశాను.

బేటా,

సలాం. బాగా తింటున్నావా? నీ వయసులో నేనెలా ఉన్నానో చెప్తాను, విను.

1969లో నాకు పదిహేనేళ్లు. బందరులో ఉండేవాళ్లం. మా అబ్బా అద్దకం కార్ఖానాలో పనిచేసేవాడు. ఇప్పుడు అందరూ కలంకారీ అంటున్నారే, అదే. మేము అద్దకం అనేవాళ్లం. ఏడో తరగతి అవగానే నా చదువు మాన్పించారు. పెద్దపిల్లను గడప దాటనివ్వలేదు. అందుకని పనే ఇంటికి వచ్చేది. కరక్కాయలు దంచడం నా వంతు. ఆ పొడి కలిపిన నీళ్లలో తెల్లగుడ్డ ముంచి ఎండేస్తే లేత పసుపు రంగుకు తిరిగేది.

పెరట్లో ఓ కుండ ఉండేది. పాత మేకులు, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టేవాళ్లం. పదును వచ్చిందో లేదో చూడడానికి కరక్కాయ గుడ్డ మీద ఓ చుక్క వేసేదాన్ని. నల్లగా తిరిగితే వచ్చినట్టు. బూడిదరంగులో ఆగిపోతే ఇంకా పులియాలి. కరక్కాయ పట్టిన చేతికి ఆ నీళ్లు తగిలితే చెయ్యీ నల్లబడేది. ఎంత తోమినా పోదు. పెళ్లిచూపులకు ఎవరైనా వస్తే మా అమ్మ నా చేతులు కొంగు కింద పెట్టుకోమనేది.

ఎరుపు సంగతి వేరు. పటిక నీళ్లలో జిగురు కలిపి అచ్చుతో అద్దుతారు. అద్దినప్పుడు ఎరుపేమీ కనపడదు. కొన్నాళ్లు ఆరనిచ్చి, కాలవలో జాడించి, పెద్ద రాగి కాగులో మంజిష్ఠ వేసి ఉడకబెడతారు. పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. జాడించడానికి పారే నీళ్లే కావాలి. నిలవ నీళ్లయితే వదిలిన పటిక పక్కన తెలుపు మీదికి చేరుతుంది. ఉడికాక అక్కడ కూడా ఎర్రమచ్చ పడుతుంది. ఇక ఆ గుడ్డ పనికిరాదు. ఎండాకాలం కాలవలు కట్టేస్తే మా ఇంట్లో పొయ్యి కూడా సగమే వెలిగేది.

ఇదంతా నాకు తెలుసు. అచ్చు మాత్రం నా చేతికి ఇవ్వలేదు. అది మగవాళ్ల పని. ఆ కోరిక అలాగే ఉండిపోయింది బేటా. నీకు ఏం కావాలంటే అది చదువుకోమంటున్నారు. మా రోజుల్లో ఆడపిల్లకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు. అందుకని ఆ రోజులే బాగున్నాయని నేను అనను.

1971లో పెళ్లయి మొవ్వ వచ్చాను. ఊళ్లో అందరూ నన్ను బందరమ్మాయి అనేవాళ్లు. నువ్వు తెలుగు భలే మాట్లాడతావే అని ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఈ ఊళ్లో తెలుగు కాక ఇంకేం మాట్లాడతారు? ఉత్తరాలు రాయించుకోవడానికి నా దగ్గరికే వచ్చేవాళ్లు. అయితే కొన్ని ఇళ్లలో నా కోసం వేరే గ్లాసు చూరులో ఉండేది. అదీ నిజమే, ఇదీ నిజమే. రెండూ నీకు తెలియాలి.

నిన్ను మాత్రం మీరెక్కడి నుంచి వచ్చారని అడుగుతున్నారట. కలంకారీ అన్న మాట పారసీది. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు రేవు నుంచి ఇరాన్‌కు అద్దకం గుడ్డలు వెళ్లేవి. మాట అక్కడిదైనా గుడ్డ ఇక్కడిదే. దాన్ని జాడించింది కృష్ణ నీళ్లలోనే. మమ్మల్నీ ఆ నీళ్లే పెంచాయి. ఈసారి ఎవరైనా అడిగితే బందరు అని చెప్పు, మొవ్వ అని చెప్పు.

స్నేహితులు ముద్దుగా పిలిస్తే పలుకు, నాకేం బాధ లేదు. భయపడి మాత్రం పేరు దాచుకోకు. నా చేతులు కొంగు కింద పెట్టినప్పుడు నాకు కలిగిన సిగ్గు నీకు కలగకూడదు. ఆ చేతులు చేసిన పనికే మా ఇంట్లో అన్నం ఉడికింది. నీ పేరు మీ దాదా పెట్టాడు. పెట్టిన రోజు ఊళ్లో ఇంటింటికీ బెల్లం పంచాడు. వేరే గ్లాసు పెట్టిన ఇళ్లకు కూడా పంచాడు.

సెలవులకు రా. పెడన వెళ్దాం. ఇప్పుడు అక్కడ ఆడవాళ్లు కూడా అచ్చు పడుతున్నారట. ఈ వయసులో నాకు ఒక్కసారి అద్దనిస్తారేమో అడుగుదువుగాని.

నీ దాదీ