ఇంకా మానెయ్యని ఉద్యోగానికి ఆఖరి తేదీ ఏది?

ఆన్‌లైన్ ఫారం నింపుతుంటే ఒక చోట చెయ్యి ఆగిపోతుంది. కంపెనీ పేరు రాస్తాం, చేరిన తేదీ రాస్తాం. ఆ పక్కనే `To Date` అని ఇంకో గడి, దాని మీద ఎర్ర చుక్క. అది నింపకపోతే కిందున్న సబ్మిట్ బటన్ కదలదు. మనమేమో ఇంకా అదే ఆఫీసులో కూర్చుని, అక్కడి వైఫైతోనే ఆ ఫారం నింపుతుంటాం!

మొన్న జులైలో ఈ గడి గురించి మా ఇంట్లో ఒకే వారంలో ఇద్దరు ఫోన్ చేశారు. గద్వాలలో ఉండే మా చిన్నమ్మ బిడ్డ ఒకరు, నాగర్‌కర్నూల్ నుంచి మా తమ్ముడు ఇంకొకరు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను కాబట్టి, కంప్యూటర్‌లో కనిపించే ప్రతి గడికీ నేనే బాధ్యుణ్నని మావాళ్ల నమ్మకం. ఈ గడి విషయంలో ఆ నమ్మకం కొంత నిజమే. ఇలాంటివి రాసేది మావాళ్లే.

ఫారం తయారుచేసేటప్పుడు ఆ గడి వెనక ఉండేది ఇంతే:

```html
<input type="date" name="to_date" required max="2025-07-18">
```

`required` అంటే ఖాళీగా వదలొద్దని. `max` అంటే ఆ తేదీ దాటి రాయొద్దని. సాధారణంగా అక్కడ ఆ రోజు తేదీ పెడతారు. 'ప్రస్తుతం ఇక్కడే పని చేస్తున్నాను' అనే టిక్ బాక్స్ ఒకటి పెట్టి, టిక్ కొడితే ఈ గడి మాయమయ్యేలా చేస్తే గొడవే ఉండదు. చాలా ప్రైవేటు కంపెనీల సైట్లలో అలాగే ఉంటుంది. లేనిచోట సమస్య మన నెత్తిన పడుతుంది.

డేటాబేస్ లోపల ఇంకా ముగియని పనికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఆ గడిని ఖాళీగా ఉంచడం. రెండోది, ఎప్పటికీ రాని తేదీ ఒకటి పెట్టడం. శాప్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఆ తేదీ `31.12.9999`. ఉద్యోగి ఇంకా ఉన్నాడని దాని అర్థం. మా తమ్ముడి ఫ్రెండ్ ఎవరో ఈ ముచ్చట విని, ఒక ఫారంలో 2099 అని కొట్టాడట. ఆ ఫారం అనుభవం లెక్కగట్టి 75 ఏళ్లకు పైనే చూపించిందట. కంపెనీ లోపలి గుర్తును బయటి ఫారంలో రాస్తే ఇట్లనే ఉంటుంది.

సరే, మరి ఏం రాయాలి? ఈ గడి అందరినీ ఒకే ప్రశ్న అడగదు. ఒక చోట 'ఏ తేదీ వరకు లెక్కగట్టాలి' అని అడుగుతుంది. ఇంకో చోట 'ఎప్పటికి అయిపోతుంది' అని. మరో చోట 'ఏ రోజు బయటికొస్తున్నావ్' అని. పైన పేరు మాత్రం ఒకటే. ఏది అడుగుతోందో తెలుసుకోవాలంటే ఆ ఫారం చివరికి ఏం తేల్చాలనుకుంటోందో చూడాలి.

మా చెల్లె విషయం చెప్తాను. గద్వాల చుట్టుపక్కల పత్తి విత్తనాల సాగు ఎక్కువ, విత్తన కంపెనీల ఆఫీసులూ ఎక్కువే. వాటిలో ఒకదాంట్లో తను అకౌంట్స్ చూస్తుంది. చేరింది 2022 జులై 11న. ఒక నోటిఫికేషన్ పడింది, 3 ఏళ్ల అనుభవం కావాలి. జులై 18 రాత్రి ఫోన్ చేసింది.

"అన్నా, ఆఖరి తారీఖు ఏం రాయాలె? ఇయ్యాల్టిది రాస్తే 3 ఏండ్లు దాటినట్టు చూపిస్తుంది, తీసుకుంటుంది కూడా. పంపియ్యనా?"

"ఆగు. నోటిఫికేషన్‌లో అనుభవం ఏ తేదీ నాటికి ఉండాలని రాసిండ్రో చూడు."

ఉద్యోగ నోటిఫికేషన్లలో ఈ మాట ఎక్కడో ఉంటుంది. వయసుకు, చదువుకు, అనుభవానికి ఒక కటాఫ్ తేదీ పెడతారు. కొన్నిచోట్ల అది దరఖాస్తుల చివరి తేదీ, ఇంకొన్నిచోట్ల నెల మొదటి తేదీ. పీడీఎఫ్‌లో నాలుగో పేజీలో దొరికింది: 2025 జులై 1 నాటికి.

వేళ్ల మీద లెక్కేశాం. 2022 జులై 11 నుంచి 2025 జూన్ 10 వరకు 2 ఏళ్ల 11 నెలలు. జూన్ 11 నుంచి జులై 1 వరకు ఇంకో 21 రోజులు. 3 ఏళ్లు నిండాలంటే జులై 10 రావాలి. అంటే 9 రోజులు తక్కువ!

జులై 18 అని రాస్తే ఫారం 3 ఏళ్ల 8 రోజులని చూపించి పచ్చ టిక్ పెడుతుంది. ఫారానికి కటాఫ్ తెలియదు, తీసివేత మాత్రమే తెలుసు. పరీక్ష రాసి, పాసై, సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్లాక అక్కడ కూర్చున్న మనిషి కటాఫ్‌తో లెక్కేస్తాడు. అప్పుడు 9 రోజుల కోసం పక్కన పెడతారు. అందుకే ఇలాంటి ఫారంలో ఇంకా చేస్తున్న ఉద్యోగానికి `To Date` అంటే కటాఫ్ తేదీ. ఆ రోజు నువ్వు ఉద్యోగం మానేసినట్టు కాదు, ఆ రోజు వరకే వాళ్ల లెక్క అని.

దీనికి తోడు సర్టిఫికెట్ సంగతి ఒకటుంది. ఉద్యోగంలో ఉన్నవాళ్లకిచ్చే అనుభవ పత్రంలో 'ఫలానా తేదీ నుంచి నేటి వరకు' అని రాస్తారు. ఆ 'నేటి' అంటే పత్రం మీదున్న తేదీ, మనం అప్‌లోడ్ చేసే రోజు కాదు. మేలో తీసుకున్న పత్రం మే వరకే సాక్ష్యం. ఫారంలో జులై 1 అని రాసి మే నాటి కాగితం జత చేస్తే మధ్యలో రెండు నెలలకు ఆధారం లేనట్టే. కాబట్టి కటాఫ్ తర్వాతి తేదీతో ఉన్న పత్రం తీసుకోవాలి.

9 రోజుల సంగతి ఏమైందంటే, అంతకుముందు తను వనపర్తిలో ఒక రైస్ మిల్లులో 4 నెలలు లెక్కలు రాసింది. 2022 ఫిబ్రవరి 1 నుంచి మే 31 దాకా. చిన్న ఉద్యోగమని దాన్ని ఎక్కడా చెప్పుకునేది కాదు. నోటిఫికేషన్‌లో ఒకే చోట వరుసగా 3 ఏళ్లు అనే షరతు లేదు, మొత్తం 3 ఏళ్లు అనే ఉంది. ఇంకో వరుస కలిపితే సరిపోతుంది. కాకపోతే ఆ 4 నెలలకూ కాగితం కావాలి.

తమ్ముడిది వేరే కథ. వాడు వనపర్తిలో పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి, 2023లో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరాడు. ఇంటర్న్‌షిప్ ఫారంలో కోర్సు మొదలైన ఏడాది 2023 అని కొట్టగానే ముగింపు 2027 అని దానంతటదే వచ్చేసింది. బీటెక్ అంటే 4 ఏళ్లని ఆ ఫారం రాసినవాడి లెక్క. ఈసెట్ పిల్లలు ఉంటారని వాడికి తోచినట్టు లేదు (మా ఆఫీసులో కూడా ఈ సంగతి చెప్పాల్సొచ్చింది). కంపెనీలు 2026లో బయటికొచ్చే బ్యాచ్ అని వడగట్టినప్పుడు 2027 అని ఉన్నవాడి పేరు అసలు కంటికే కనిపించదు. ఫోన్ కాల్ రాదు, కారణమూ తెలియదు. అందుకని తనంతట తాను నిండిన గడిని చెరిపి మళ్లీ రాయాలి.

రోజుతో సహా అడిగితే? యూనివర్సిటీ అకడమిక్ క్యాలెండర్‌లో ఆఖరి సెమిస్టర్ పరీక్షలు ముగిసే తేదీ చూసి అది రాయాలి. అది ఇంకా రాకపోతే, సీనియర్ల పరీక్షలు ఏ నెలలో అయ్యాయో అడిగి ఆ నెల చివరి రోజు. పక్కనే ఎక్కడైనా రాసే చోటుంటే 'ఇంకా చదువుతున్నాను, ఇది అంచనా' అని ఒక ముక్క. రేపు మార్కుల మెమో మీద పరీక్ష నెల, ఏడాది ఉంటాయి, పోల్చుకునేది వాటితోనే. రోజు అటూ ఇటైనా నెల దగ్గరగా ఉంటే అడిగేవాళ్లు తక్కువ.

ఒక ఫారం మాత్రం భవిష్యత్తు తేదీని తీసుకోనే తీసుకోలేదు. వాడు ఈ రోజు తేదీ రాసేస్తానన్నాడు. వద్దన్నాను. పైన శీర్షిక చూస్తే 'ఉత్తీర్ణులైన కోర్సులు' అని ఉంది. రాబోయే తేదీని ఒప్పుకోని చోట వాళ్లడిగేది అయిపోయిన చదువే. ఈ రోజు తేదీ రాస్తే ఈ రోజే పాసైనట్టు. కింద శాతం ఎంత అని అడుగుతుంది, అది ఎక్కడి నుంచి తెస్తాడు? అక్కడ డిప్లొమా దగ్గర ఆగి, బీటెక్ గురించి వేరే గడి ఉందేమో వెతకమన్నాను. రెండో పేజీలో ఉంది.

నాది మూడో రకం. ఈ ఏడాది ఫిబ్రవరిలో కంపెనీ మారడానికి దరఖాస్తు పెట్టినప్పుడు నేనింకా రాజీనామా ఇవ్వలేదు. గడి తేదీ అడిగింది. ఆ రోజు తేదీ రాసి, కింద వ్యాఖ్యల పెట్టెలో 'ప్రస్తుతం ఇక్కడే పనిచేస్తున్నాను, ఫారం కోసం నింపిన తేదీ ఇచ్చాను' అని రాశాను. ఆ వాక్యం లేకపోతే చదివేవాడికి నేను ఆ రోజే మానేసినట్టు, అప్పటి నుంచి ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది.

మార్చి 3న రాజీనామా ఇచ్చాను. 90 రోజుల నోటీసు, ఆ రోజును కూడా కలుపుకుంటే మే 31 ఆఖరి రోజు. ఆ తర్వాత కొత్త కంపెనీవాళ్లు పాత వివరాలు సరిచూసే ఫారం పంపారు, అందులో మే 31 అని ఇచ్చాను. ఈసారి అది అంచనా కాదు, హెచ్‌ఆర్ పోర్టల్‌లో ఉన్న తేదీ. అయితే ప్రాజెక్టు త్వరగా అప్పజెప్పడంతో మే 23నే వదిలేశారు. రిలీవింగ్ లెటర్ మీద మే 23 ఉంది. అదే రోజు కొత్తవాళ్లకు మెయిల్ పెట్టి లెటర్ జత చేశాను. చూసేవాళ్లకు ఇలాంటి మార్పు కొత్త కాదు. మనం చెప్పకముందే వాళ్లకు తెలిస్తేనే అది 'తేడా' అవుతుంది. పీఎఫ్ ఖాతాలో పాత కంపెనీ వేసే నిష్క్రమణ తేదీ కూడా లెటర్‌తో కలవాలి. అది కొత్త ఉద్యోగంలో చేరిన తేదీ దాటి ఉంటే ఒకేసారి రెండు చోట్ల పనిచేసినట్టు కనిపిస్తుంది. నేను జూన్ 2న చేరాను, ఆ లోపే చూసుకున్నాను.

మా ఊళ్ల విషయంలో మాత్రం ముగింపు తేదీ పక్కాగా తెలుసు. 2016 అక్టోబర్ 11, దసరా రోజు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి జిల్లాలయ్యాయి. పాత చిరునామా ఎప్పటి వరకు అని అడిగే ఫారం వస్తే, జిల్లా గడిలో అక్టోబర్ 10 అని ధైర్యంగా రాసేయొచ్చు. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

చెల్లె వనపర్తి మిల్లుకు వెళ్లి పాత కాగితం అడిగింది. సేటు గుర్తుపట్టి, చాయ్ ఇచ్చి, లెటర్‌హెడ్ మీద అప్పటికప్పుడు టైప్ చేయించి సంతకం పెట్టాడట. బస్టాండ్‌లో తీసి చూస్తే '2022 ఫిబ్రవరి 1 నుంచి నేటి వరకు మా దగ్గర పనిచేయుచున్నారు' అని ఉంది. మళ్లీ ఆటో ఎక్కి వెనక్కి పోయి, మే 31 అని మార్పించుకొని వచ్చింది.