యాసిడ్ వద్దన్న నాయిన

గోదావరిఖనిలో మా వంటింటి సింకులో నీళ్లు మెల్లగా దిగుతున్నాయి. అమ్మ యాసిడ్ తెమ్మంది. నైట్‌షిఫ్ట్ దిగొచ్చిన నాయిన వద్దన్నడు. "యాసిడ్ పోసినా అడ్డం పోకపోతే, రేపు పైపు విప్పేటోళ్ల కండ్లల్ల పడ్తది. ముందు ఎక్కడ ఆగిందో చూడు బిడ్డా."

బాత్రూంలో నీళ్లు బాగానే పోతున్నాయి. అంటే అడ్డం సింకు దగ్గరే. కింద బకెట్ పెట్టి, బాటిల్ ట్రాప్ అడుగు కప్పును చేత్తో తిప్పి విప్పాను. జిడ్డు, అన్నం మెతుకులు ముద్దకట్టి ఉన్నాయి. అది శుభ్రంగా ఉంటే, గోడవైపు పైపు చూడాల్సి వచ్చేది. సబ్బునీళ్లు, పాత బ్రష్‌తో కడిగాను. వాషర్ సరిగ్గా కూర్చోబెట్టి బిగించి, సింకు నింపి వదిలాను. నీళ్లు గిర్రున దిగాయి. కింద పరిచిన పొడిగుడ్డ తడవలేదు.

ఇప్పుడు జిడ్డు గిన్నెల్ని కాగితంతో తుడిచాకే సింకులో వేస్తున్నాం.