పదేళ్లలో ఎవరు ఎటు వెళ్లినట్టు?

ఊళ్లో ఉండిపోయినవాడి జీవితం ఉన్నచోటే ఉంటుందని, బయటికి వెళ్లిన మాలాంటివాళ్లకు ఒక నమ్మకం. మారేది మేమేననీ, వాళ్లు మా కోసం ఊరిని అలాగే కాపాడుతుంటారనీ అనుకుంటాం. 2015లో నేను భీమవరం దగ్గరి మా ఊరు వదిలి హైదరాబాద్ వెళ్లేనాటికి నా స్నేహితుడు వరి రైతు. ఇప్పుడు రొయ్యల రైతు. మొన్న సంక్రాంతికి ఇద్దరం చెరువు గట్టు మీద కూర్చుని ఈ పదేళ్లూ లెక్క చూసుకున్నాం.

నా లెక్క తొందరగానే తేలింది. మూడు అద్దె ఇళ్లు, రెండు ఉద్యోగాలు, ఒక ఫ్లాటు, దాని మీద ఇంకా తీరని అప్పు. వాడు ఓపిగ్గా విని, "నీకు నెల తిరిగేసరికి జీతం పడుతుంది కదరా, నాకు నెల తిరిగేసరికి భయం పెరుగుద్ది" అన్నాడు.

ఆ భయం ఎలాంటిదో విడమరిచి చెప్పాడు. ఎకరానికి లక్ష వనామీ పిల్ల వేసి, నూటికి 80 బతికితే మంచి పంట. కిలోకు 100 తూగినప్పుడు, అంటే 100 కౌంట్‌లో పట్టుబడి చేస్తే 800 కిలోలు. ఇంకో నెల పైన ఆగి 50 కౌంట్ చేస్తే 1,600 కిలోలు. పైగా పెద్ద రొయ్యకు కిలో ధర కూడా ఎక్కువే. కానీ ఆ ఆగే నెలలోనే మేత ఖర్చు బాగా పెరుగుతుంది, జబ్బు వచ్చే ప్రమాదమూ ఎక్కువే. చెక్ ట్రేలో మేత మిగిలిపోతున్నా, రొయ్యలు నీరసంగా గట్టువారకు చేరుతున్నా గుండె ఆగిపోతుందట. అది వైట్ స్పాట్ అయితే కొద్ది రోజుల్లోనే చెరువంతా పోతుంది. దానికి మందు లేదు.

జబ్బు లేకపోయినా రాత్రి నిద్ర ఉండదు. పగలు ప్రాణవాయువు ఇచ్చే నీటిలోని నాచు, చీకటి పడ్డాక తానే దాన్ని వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళకి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వేసేలోపే రొయ్యలు పైకి తేలతాయి. "చెరువు వేశాక మూడింటికి మెలకువ రాని రోజు లేదురా" అన్నాడు. అమెరికా క్లయింటు కోసం నేనూ ఎన్నో రాత్రులు ఆ వేళకి మేలుకునే ఉన్నాను. పొరపాటు జరిగితే నాకు మాట పడుతుంది, వాడికి పెట్టుబడి పోతుంది.

ఆ అమెరికా వాడి గట్టు మీదికీ వచ్చింది. 2025 ఆగస్టులో అక్కడ మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేరింది. పెద్ద రొయ్య ఎక్కువగా అక్కడికే పోతుంది కాబట్టి, దాని కోసం ఆగాలా, 100 కౌంట్‌కే పట్టేయాలా అన్న ప్రశ్న ఇంకా బరువెక్కింది.

"మరి వరి ఎందుకు వదిలావురా?" అని అడిగాను. నాకు తెలియాల్సింది అదే.

"నేను వదల్లేదురా, అదే పోయింది" అన్నాడు. ముందు వాడి మూడెకరాల ఎగువన ఒక కమతం చెరువైంది. బోరుతో తోడిన ఉప్పునీళ్లు అందులో నిలబెట్టారు. గట్టు కింద నుంచి ఊట దిగి, వాడి చేలో ఆ వార దుబ్బులు ఎర్రబారాయి. దాళ్వాలో మొదలైంది, సార్వాలో వానలకు కాస్త తగ్గింది, మళ్లీ దాళ్వాకి ఇంకా లోపలికి వచ్చింది. రెండేళ్లు ఓపిక పట్టాడు. అవతలి పక్కా చెరువయ్యాక ఇక వరి వేయడం అంటే పెట్టుబడిని ఉప్పులో పోయడమే. వాడూ తవ్వించాడు. అప్పుడు వాడి ఊట కింది చేలోకి దిగింది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గింది.

ఆశకు పోయి ఊరంతా చెరువులు చేసుకున్నారని హైదరాబాద్‌లో మేం తేలిగ్గా అనేస్తుంటాం. వాడు వేలు చూపిస్తూ ఒక్కో కమతం ఎవరిదో చెప్పుకుంటూ పోయాడు. ఇది మన మాస్టారి అబ్బాయిది, బెంగళూరు. అది డల్లాస్‌లో ఉన్నవాళ్లది. కాలవ పక్కది హైదరాబాద్. ఊళ్లో లేనివాడికి వరి కౌలు వసూలు చేసుకోవడం కంటే చెరువు లీజు సుఖం: ఎక్కువ వస్తుంది, అడగనక్కర్లేదు. ఊరిని తలుచుకుని బాధపడే మాలో చాలామంది భూమి ఆ బాధ పడుతూనే ఉప్పునీటి కింద ఉంది. మా నాన్న ఎకరం కూడా వాటిలో ఒకటి, లీజు ఈ వేసవితో అయిపోతుంది.

దాన్ని మళ్లీ వరి చేద్దామా అన్నాను. వాడు నవ్వలేదు, కాదనలేదు. గట్లు కొట్టి చదును చేయాలి, కాలవ నీళ్లు నిలగట్టి, తీసేసి, మళ్లీ నిలగట్టి ఉప్పు కడగాలి, మొదటి పంటలు చేతికి రాకపోయినా తట్టుకోవాలి అన్నాడు. అయినా చుట్టూ చెరువులు ఉండగా ఒక్క ఎకరం నిలబడదు, ఊట మళ్లీ వస్తుంది. ఈ వరసలో ఆరుగురూ ఒక్కసారే ఒప్పుకోవాలి.

"నేను సిద్ధమేరా. మిగతా నలుగురూ మీ ఊళ్ల వాళ్లే. నేనడిగితే లీజు తగ్గించడానికి అనుకుంటారు. నువ్వు అడుగు" అన్నాడు.