నానీమా చాబీ, చాంద్ కహానీ

కడపలో రాత్రి తొమ్మిది అంటే దమ్మామ్‌లో నాకు ఆరున్నర. బిడ్డ గీసిన తస్వీర్‌ను ఫోటో తీసి పంపుతారు, దాంట్లోంచే నేను ఫోన్‌లో కహానీ చెప్పాల. షర్త్ ఒక్కటే: తను రాసిన మాట ఒక్కటీ మారకూడదు, బొమ్మలో ఎవరూ ఖాళీగా ఉండకూడదు.

నిన్నటి తస్వీర్‌లో నాలుగు రాతలు. "బక్రీకి నిద్ర రాలే." "నానీమా చాబీ పారేస్కునింది." "చాంద్ చూస్తాంది." "అబ్బా రేపొస్తాడు."

మొదటి మూడూ వాటంతటవే కలిసినాయి. తలుపుకు తాళం, బక్రీ బయటే ఉంది, అందుకే నిద్ర రాలే. పైనుంచి చూస్తాండే చాంద్ కదా, బావి గట్టున మెరిసే చాబీని చూపించింది. బక్రీ నోట కరుచుకొచ్చింది, నానీమా తలుపు తీసి లోపల పండబెట్టింది.

నాలుగోదాని దగ్గర ఆగినా. నా ఛుట్టీకి ఇంకా నాలుగు నెలలుంది. వదిలేద్దామంటే బిడ్డ రాతలు లెక్కబెడ్తాది. కహానీలోనైనా ఝూట్ చెప్పలేను.

"అబ్బా దగ్గర ఇంకో చాబీ ఉంది. వచ్చినరోజు ఎవర్నీ లేపకుండా తలుపు తీసుకుంటాడు."

"రేపేనా అబ్బా?"

"రేపు కాదు బేటా. చాంద్ ఇంకో నాలుగుసార్లు నిండినాక."

కొంచేపు చప్పుడు లేదు.

"అయితే చాంద్‌ను పడుకోవద్దని చెప్పు," అనింది.